జరిగిన సంగతి చెప్పేటప్పుడు క్రియలు చేసే పని

ఒకే సంగతిని ఇద్దరు చెబుతారు. ఒకరు చెబుతుంటే చుట్టూ ఉన్నవాళ్ళు చేతిలో పని ఆపి వింటారు. ఇంకొకరు చెబుతుంటే మధ్యలోనే ఫోన్లు బయటికొస్తాయి. దీన్ని సాధారణంగా గొంతుకో, హాస్యానికో, పుట్టుకతో వచ్చిన నేర్పుకో ఆపాదిస్తారు. అవీ ఉంటాయి. కానీ రెండు కథనాలనూ కాగితం మీద పెట్టి పోల్చి చూస్తే, తేడా ఎక్కువగా క్రియల దగ్గరే కనిపిస్తుంది. ఏ పనికి పూర్తి క్రియ వాడారు, ఏ పనిని అసమాపకక్రియగా దాటించారు, ఏ విషయాన్ని ముందు చెప్పి దేన్ని వెనక్కి నెట్టారు అన్నవే కథనాన్ని నిలబెడతాయి, లేదా పడగొడతాయి.

ఉదాహరణకు ఒక కుర్రాడు తన ప్రయాణం సంగతి ఇలా చెప్పాడనుకుందాం:

"మొన్న మా అక్కవాళ్ళ గృహప్రవేశానికి రాజమండ్రి వెళ్ళడం జరిగింది. రైల్లో ఒక పెద్దాయన నా సున్నుండలు రెండు తినేశారు. ఆయనకి షుగరు. సంచులు మారిపోయాయి లెండి, రెండూ నీలం సంచులే. నేను రాజమండ్రిలో దిగిపోయి ఆయన సామర్లకోట వెళ్ళిపోయారు. ఇంటికెళ్ళి చూస్తే ఫైలు ఉంది. అన్నట్టు, అమ్మ ఇరవై సున్నుండలు పెట్టింది. వాళ్ళమ్మాయికి ఫోన్ చేశాను. తర్వాత వెళ్ళి సంచి తెచ్చుకున్నాను. అలా జరిగింది. అందుకే రైల్లో సామాన్లు జాగ్రత్తగా చూసుకోవాలి."

ఇందులో అబద్ధం లేదు, ముఖ్యమైన సంగతులూ దాదాపు అన్నీ ఉన్నాయి. అయినా విన్నవాళ్ళు "ఓహో" అని ఊరుకుంటారు. అదే సంగతిని ఇలా చెబితే:

"మా అక్కవాళ్ళ గృహప్రవేశానికి రాత్రి బండికి రాజమండ్రి బయల్దేరాను. అమ్మ ఇరవై సున్నుండలు లెక్కపెట్టి స్టీలు డబ్బాలో పెట్టి, నీలం సంచిలో సర్ది ఇచ్చింది. 'దారిలో ముట్టుకోకు, అక్క లెక్కపెడుతుంది' అంది. ఎదురు బెర్తులో ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన దగ్గరా నీలం సంచే ఉంది. తెల్లవారుజామున మంచి నిద్రలో ఉండగా బండి గోదావరి బ్రిడ్జి ఎక్కింది. ఆ చప్పుడుకి ఉలిక్కిపడి లేచి, చెప్పులేసుకుని, సంచి లాక్కుని రాజమండ్రిలో దిగాను. ఇంటికెళ్ళి అక్క చేతికిచ్చాను. అక్క తెరిస్తే లోపల డబ్బా లేదు. ఒక ఫైలు ఉంది. నిండా షుగరు పరీక్షల రిపోర్టులే. దాని మీదున్న నంబరుకి ఫోన్ చేస్తే వాళ్ళమ్మాయి ఎత్తింది. నాన్న సామర్లకోటలో దిగారని చెప్పి, ఆయన నంబరిచ్చింది. నేను సామర్లకోట వెళ్ళేసరికి పెద్దాయన ప్లాట్‌ఫాం బెంచీ మీద నా సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. సంచులు మార్చుకున్నాం. నేను వచ్చేస్తుంటే వెనక్కి పిలిచి, 'మా అమ్మాయి మళ్ళీ ఫోన్ చేస్తే ఏమీ చెప్పకు బాబూ' అన్నారు. చెప్పడానికి ఏముందో నాకు అర్థం కాలేదు. ఇంటికి రాగానే అక్క డబ్బా తీసి లెక్కపెట్టింది. ఉన్నవి పద్దెనిమిదే."

రెండో కథనం పొడుగ్గా ఉంది, కానీ వినడానికి తక్కువ టైము పట్టినట్టు అనిపిస్తుంది. ఎందుకో చూడాలంటే ముందు తెలుగు వాక్యం కాలాన్ని ఎలా మోస్తుందో చూడాలి.

సొంత అనుభవాలను జనం నోటితో ఎలా చెబుతారన్నది భాషాశాస్త్రవేత్తలు విలియం లేబోవ్, జాషువా వాలెట్స్కీ 1967లో ఒక వ్యాసంలో విశ్లేషించారు. అందులోని ఒక పరీక్ష చాలా సులువైనది, ఇప్పటికీ పనికొస్తుంది. పక్కపక్కనున్న రెండు వాక్యాలను తారుమారు చేసి చూడాలి. జరిగిన సంగతి మారిపోతే అవి కథను నడిపే వాక్యాలు. మారకపోతే అవి నేపథ్యం చెప్పే వాక్యాలు. "పెద్దాయన ఉన్నారు", "రాత్రి బండికి బయల్దేరాను" అన్నవాటిని అటూ ఇటూ మార్చినా పెద్దగా నష్టం లేదు. "సంచి లాక్కున్నాను", "అక్క తెరిచింది" అన్నవాటిని మార్చడం కుదరదు.

వాళ్ళు పరిశీలించింది ఇంగ్లీషు కథనాలను. తెలుగులో ఈ పరీక్ష ఒకే వాక్యం లోపల కూడా పని చేస్తుంది. "కడిగి తిన్నాను" వేరు, "తిని కడిగాను" వేరు. వ్యాకరణాలు క్త్వార్థకం అని పిలిచే ఈ "-ఇ" రూపానికి తనదంటూ కాలం లేదు. చివర వచ్చే పూర్తి క్రియ భూతకాలమైతే ముందున్నవన్నీ భూతకాలంలోకి వెళ్ళిపోతాయి, అవి ఏ వరసలో ఉన్నాయో పనులూ మామూలుగా ఆ వరసలోనే జరిగినట్టు వినేవాళ్ళకు అర్థమవుతుంది. "లేచి, చెప్పులేసుకుని, సంచి లాక్కుని దిగాను" అన్నప్పుడు "ఆ తర్వాత", "అప్పుడు", "ఇక" అనే మాటలు ఒక్కటీ అక్కర్లేదు. వరసంతా క్రియల్లోనే ఉంది.

కాబట్టి తెలుగులో సంగతి చెప్పేవాళ్ళు అడుగడుగునా ఒక నిర్ణయం తీసుకుంటారు: వాక్యం ఎక్కడ ఆపాలి? "-ఇ" గొలుసు నడకను వేగం చేస్తుంది, పూర్తి క్రియ నిలబెడుతుంది. పై కథనంలో రైలు దిగే హడావిడి అంతా ఒకే వాక్యంలో పరుగెత్తింది, ఎందుకంటే అక్కడ ఏ ఒక్క పనీ ముఖ్యం కాదు, కంగారే ముఖ్యం. సంచి తెరిచాక మాత్రం వాక్యాలు పొట్టిగా తెగాయి: "డబ్బా లేదు. ఒక ఫైలు ఉంది." అక్కడ వినేవాళ్ళు ఆగాలి, ఆగి చూడాలి. దీన్ని తిరగేసి, "నేను లేచాను. చెప్పులేసుకున్నాను. సంచి తీసుకున్నాను. దిగాను" అని ముక్కలు చేసి, సంచి తెరిచిన చోట "తెరిచి చూసి ఫైలు తీసి నంబరు చూసి ఫోన్ చేశాను" అని పరుగెత్తితే, ఆగాల్సిన చోట ఆగకుండా పోయినట్టవుతుంది. కథనం చప్పగా ఉండడానికి చాలాసార్లు కారణం ఇదే.

ఈ గొలుసుకు ఒక హద్దు ఉంది. అందులోని పనులన్నీ మామూలుగా ఒకే కర్త చేయాలి. మొదటి కథనంలోని "నేను రాజమండ్రిలో దిగిపోయి ఆయన సామర్లకోట వెళ్ళిపోయారు" చెవికి గుచ్చుకునేది అందుకే. "వాన కురిసి చెరువు నిండింది" లాంటివి చెల్లుతాయి, ఎందుకంటే అక్కడ మొదటిది రెండోదానికి కారణం. కారణం లేకుండా మనిషి మారితే గొలుసు తెగుతుంది. అప్పుడు "-గానే", "-సరికి", "-తుంటే", "-ఉండగా" లాంటివి కావాలి. వీటిలో ప్రతిదీ రెండు పనుల మధ్య ఉన్న సంబంధాన్ని కొంచెం వేరుగా చూపిస్తుంది.

"ఇంటికి రాగానే అక్క లెక్కపెట్టింది" అంటే మధ్యలో ఖాళీ లేదు. అక్కకు అమ్మ మాట గుర్తుందన్న సంగతి ఆ "-గానే"లోనే ఉంది. "నిద్రలో ఉండగా బండి బ్రిడ్జి ఎక్కింది" అంటే ఒక స్థితి నడుస్తుంటే దాన్ని తెంచుతూ ఒక ఘటన వచ్చింది. "వెళ్ళేసరికి కూర్చుని ఉన్నారు" అన్నది ఇంకో రకం. అక్కడ రెండో సంగతి మొదటిదానికంటే ముందే మొదలైపోయింది. చెప్పేవాడు చేరింది తర్వాత, పెద్దాయన కూర్చున్నది ముందు. గతంలో ఇంకా వెనకటి గతాన్ని చెప్పడానికి తెలుగులో ప్రత్యేకమైన కాలరూపం కోసం వెతుక్కోవాల్సిన పని సాధారణంగా ఉండదు. "-సరికి", "అప్పటికే", "అంతకుముందు" అనే మాటలు, "కూర్చుని ఉన్నారు", "తలుపు వేసి ఉంది" లాంటి స్థితిరూపాలు ఆ పని చేసేస్తాయి. "నేను వెళ్ళేసరికి బండి వెళ్ళిపోయింది" అంటే ఏది ముందో ఎవరికీ అనుమానం రాదు.

అన్నిటికంటే అందమైన పని చేసేది "-తే". బడిలో దీన్ని షరతు చెప్పే రూపంగా నేర్పుతారు: వానొస్తే వెళ్ళను. కానీ జరిగిన సంగతి చెప్పేటప్పుడు దీనికి ఇంకో ఉద్యోగం ఉంది. "అక్క తెరిస్తే లోపల డబ్బా లేదు" అన్నదాంట్లో షరతు ఏమీ లేదు. తెరవడం జరిగింది, ఆ తర్వాత ఊహించనిది కనపడింది. ఒకరు చేసిన పనికీ, వాళ్ళ చేతిలో లేని ఫలితానికీ మధ్య ఈ "-తే" నిలబడుతుంది. అది వినపడగానే ఏదో ఉందని అవతలివాళ్ళకు తెలిసిపోతుంది. మాట్లాడేటప్పుడు ఇదే పనికి "తెరిచి చూద్దును కదా" అన్న నుడికారం కూడా ఉంది. దాని బలం ఎక్కువ. ఒక కథనంలో ఒక్కచోట వాడితే బాగా పండుతుంది, మూడుచోట్ల వాడితే వినేవాళ్ళు ఆశ్చర్యపడడం మానేస్తారు.

మాటల్లో చాలామంది గతాన్ని వర్తమానంలా కూడా చెబుతారు: "నేను వెళ్తాను, ఆయన అక్కడ కూర్చుని ఉంటాడు, నన్ను చూసి నవ్వుతాడు." ఇది తప్పు కాదు, ఎదుట జరుగుతున్నట్టు చూపించే పాత పద్ధతే. కానీ దీనికి రెండు ఇబ్బందులున్నాయి. తెలుగులో ఈ రూపమే అలవాటునూ, జరగబోయేదాన్నీ కూడా చెబుతుంది కాబట్టి, రాతలో చదివేవాళ్ళు ఇది ఒకరోజు జరిగిందా, రోజూ జరుగుతుందా అని తడబడతారు. రెండోది, "వెళ్ళాను, చూస్తాడు, అన్నాడు, ఇస్తాను" అని కలగాపులగం చేస్తే ఏ మార్పుకీ అర్థం లేకుండా పోతుంది. రాసేటప్పుడు భూతకాలంలోనే నిలవడం మేలు. మారాలనుకుంటే ఘట్టం బిగిసిన చోట ఒకసారి మారి, మళ్ళీ వెనక్కి రావాలి.

కొందరు "వెళ్ళేవాళ్ళం, తినేవాళ్ళం, ఆడుకునేవాళ్ళం" దగ్గరే ఆగిపోతారు. చిన్ననాటి సంగతులు చెప్పేటప్పుడు ఇది మరీ ఎక్కువ. ఆ రూపం ఎన్నోసార్లు జరిగినదాన్ని చెబుతుంది, ఒకసారి జరిగినదాన్ని చెప్పదు. "ప్రతి వేసవికీ రాజమండ్రి వెళ్ళేవాళ్ళం" అన్నది రంగస్థలం మాత్రమే. "ఆ ఏడు మాత్రం" అని ఒక తలుపు తీసి, "వెళ్ళాం" అన్న మామూలు భూతకాలంలోకి అడుగుపెడితే తప్ప అసలు కథ మొదలుకాదు. తలుపు తీయడం ఎంత ఆలస్యమైతే వినేవాళ్ళ ఓపిక అంత తగ్గుతుంది.

"వెళ్ళడం జరిగింది", "చూడడం జరిగింది" అన్న వాడుక గురించి గట్టిగానే చెప్పాలి. ఆఫీసు నోట్లలోంచి, ఉపన్యాసాల్లోంచి ఇది ఇళ్ళలోకి వచ్చేసింది. సొంత అనుభవానికి ఇది పెద్ద దెబ్బ, ఎందుకంటే ఇది చేసిన మనిషిని వాక్యంలోంచి తీసేస్తుంది. "దిగాను" అంటే ఒక మనిషి దిగాడు. "దిగడం జరిగింది" అంటే ఎవరో నివేదిక చదువుతున్నారు. క్రియకున్న "-ను", "-డు", "-ది" ప్రత్యయాల్లోనే మనుషులుంటారు, వాటిని పోగొట్టుకోకూడదు. ప్రాంతాన్నిబట్టి ఆ రూపాలు మారినా ఇబ్బంది లేదు. తెలంగాణలో "నేను పోయిన, చూసిన" అంటారు, "ఉండె" అంటారు. గొలుసు, వరస, ఆగాల్సిన చోట ఆగడం అన్నవి అక్కడా ఇలాగే పని చేస్తాయి.

మొదటి కథనంలో పెద్ద నష్టం మాత్రం వ్యాకరణానిది కాదు, వరసది. రెండో వాక్యంలోనే "పెద్దాయన సున్నుండలు రెండు తినేశారు" అని తేలిపోయింది. ఆ తర్వాత వచ్చేవన్నీ వివరణలే. "సంచులు మారిపోయాయి లెండి", "అన్నట్టు, అమ్మ ఇరవై పెట్టింది" అన్న మాటలు చెప్పేవాడు వెనక్కి పరుగెత్తి సర్దుకుంటున్నాడని చూపిస్తాయి. "అన్నట్టు", "చెప్పడం మర్చిపోయాను" అన్న మాటలు వినపడ్డాయంటే ఏదో ఒక వివరం తన చోటు తప్పిందని గుర్తు.

రెండో కథనంలో ఇరవై అన్న లెక్క మొదట్లోనే వచ్చింది. అప్పుడు దానికి ప్రాముఖ్యం లేదు, అమ్మ జాగ్రత్తలా వినిపించింది. నీలం సంచి రెండుసార్లు వచ్చింది. షుగరు రిపోర్టులు ఫైలులో ఏముందో చెప్పే సందర్భంలో వచ్చాయి. ఫోన్ ఎత్తింది కూతురు కాబట్టే "మా అమ్మాయి మళ్ళీ ఫోన్ చేస్తే" అన్న మాటకు ఆధారం దొరికింది. ప్రతి వివరమూ అది దొరికిన క్షణంలో, దొరికిన మనిషి చేతిలో కనిపించింది.

ఇందులో ఒక నిజాయితీ ప్రశ్న కూడా ఉంది. చెప్పేటప్పటికి ఆ కుర్రాడికి సంచి తనది కాదని తెలుసు, దిగేటప్పటికి తెలియదు. అందుకే "సంచి లాక్కుని దిగాను" అన్నాడు. "పొరపాటున ఆయన సంచి తీసుకుని దిగాను" అనుంటే కథ అక్కడే చల్లారేది. "నా సంచి తీసుకుని దిగాను" అనుంటే అది అబద్ధమయ్యేది, తర్వాత వినేవాళ్ళు మోసపోయామనుకునేవాళ్ళు. ఆ రోజు ఆ నిమిషానికి ఎంత తెలుసో అంతే చెప్పాలి, అందులో తప్పు ఉండకూడదు. "ఎవరిది" అన్నది పైకి చెప్పకుండానే తెలుగు వాక్యం నిలబడుతుంది కాబట్టి ఈ పని మనకు సులువు.

తాను చూడని సంగతులకు కూడా ఇదే వర్తిస్తుంది. పెద్దాయన డబ్బా ఎప్పుడు తెరిచారో, ఎలా తిన్నారో ఆ కుర్రాడు చూడలేదు. తర్వాత ఆయనే చెప్పి ఉంటే "బండి దిగగానే తెరిచి చూశారట" అని "-అట" చేర్చి చెప్పొచ్చు. చెప్పకపోతే ఊరుకోవాలి. ఆ ఒక్క అక్షరం వదిలేసి, చూసినట్టు వర్ణించడం మొదలుపెడితే అది అనుభవం కాదు, కల్పన అవుతుంది. వినేవాళ్ళకు ఆ తేడా చప్పున తెలుస్తుంది.

ఇక ముగింపు. "ఏమీ చెప్పకు బాబూ" అన్న మాటతో ఒక ప్రశ్న లేచింది. చెప్పేవాడికీ అర్థం కాలేదు, వినేవాళ్ళకూ అర్థం కాలేదు. ఆ ప్రశ్నకు జవాబు ఒక ఘటనగా వచ్చింది, వివరణగా రాలేదు. అక్క లెక్కపెట్టింది, లెక్క తేలింది. షుగరు, కూతురు, ఇరవై అనే మూడు వివరాలూ వినేవాళ్ళ దగ్గర ముందే ఉన్నాయి కాబట్టి, వాటిని కలిపే పని వాళ్ళే చేసుకున్నారు. ముగింపు తృప్తినిచ్చేది ఆ కలుపుకోవడంలోనే. కొత్త సమాచారంతో ముగిసే కథనం, అంటే చివర్లో ఉన్నట్టుండి "ఆయనకి షుగరట" అని చెప్పే కథనం, ఆ తృప్తిని ఇవ్వదు.

ఆఖరి వాక్యం కూర్పు కూడా గమనించదగ్గదే. "రెండు తక్కువయ్యాయి" అనొచ్చు, "పద్దెనిమిదే ఉన్నాయి" అనొచ్చు. "ఉన్నవి పద్దెనిమిదే" అన్నప్పుడు క్రియ ముందుకెళ్ళి, అంకె చివరికొచ్చింది. తెలుగు వాక్యం మామూలుగా క్రియతో ముగుస్తుంది కాబట్టి, చివర ఇంకేదైనా వచ్చిందంటే చెవి దాన్నే పట్టుకుంటుంది. "రెండు" అనకుండా "పద్దెనిమిది" అనడంతో తీసివేత లెక్క కూడా వినేవాళ్ళకే మిగిలింది.

దాని తర్వాత ఒక్క మాట కలిపినా తగ్గుతుంది. "పాపం, ఆయన తిన్నారన్నమాట" అంటే వాళ్ళు చేసుకోవాల్సిన పనిని లాక్కున్నట్టు. "అలా జరిగింది" అంటే అయిపోయిందని ప్రకటించినట్టు. "అందుకే రైల్లో జాగ్రత్తగా ఉండాలి" అంటే కథ సంచి గురించి అని చెప్పినట్టు. కానీ ఈ కథ సంచి గురించి కాదు, ఆ పెద్దాయన గురించి. చివర్లో తగిలించే నీతి చాలాసార్లు ఇలా కథను దాని అసలు విషయం నుంచి పక్కకు లాగేస్తుంది.

అన్ని అనుభవాలకూ ఇలాంటి లెక్క తేలదు. సంచి దొరకనే దొరకలేదనుకుందాం, ఫైలు మీద నంబరే లేదనుకుందాం. అప్పుడు లేని మలుపును కల్పించక్కర్లేదు. లేచిన ప్రశ్న "డబ్బా దొరుకుతుందా" అన్నది. దొరకదని తేలాక చివరగా ఎవరో ఒకరు ఏదో ఒకటి చేసి ఉంటారు. అక్క అమ్మకు ఫోన్ చేసి "సున్నుండలు బాగున్నాయమ్మా" అని ఉండొచ్చు, లేదా ఆ ఫైలును స్టేషన్లో అప్పగించడానికి ఆ కుర్రాడు మళ్ళీ వెళ్ళి ఉండొచ్చు. నిజంగా జరిగిన ఆ ఆఖరి పనిని, సాగదీయకుండా, ఒక పూర్తి క్రియతో చెప్పి ఆపేస్తే ఆ కథా నిలబడుతుంది. సరిగ్గా ఆపారో లేదో ఎదుటివాళ్ళను బట్టి తెలుస్తుంది. "తర్వాతేమైంది?" అని అడిగితే ముగింపు ఇంకా రాలేదు. "మా నాన్న కూడా ఇంతే, షుగరుందని తెలిసీ..." అని వాళ్ళు తమ సంగతి మొదలుపెడితే వచ్చేసింది.